నా దగ్గర పనిచేస్తోంది

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో ఆయన్ని అందరూ లైసెన్స్ దొర అంటారు. మొదట ఎవరో వెటకారానికి అన్న మాట అది. ఆయన బిరుదనుకున్నాడు. ఎదురుగా అన్నా కోప్పడకపోగా, మెడ కాస్త నిక్కించి నడిచేవాడు. అంచేత పేరు అలాగే నిలిచిపోయింది.

దొరతనం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. ఇంజనీరింగు సాఫ్ట్‌వేర్లు బంగారం కన్నా ప్రియం. యూనివర్సిటీ వాటికి కొన్ని సీట్లే కొంటుంది. ఎవరైనా ఏ ల్యాబులోనైనా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, అడ్డేమీ లేదు. కానీ తెరవబోయేసరికి ఆ ప్రోగ్రాం నెట్‌వర్కు మీదుగా లైసెన్స్ సర్వర్ దగ్గరికెళ్లి, సీటు ఖాళీ ఉందా అని అడగాలి. ఉందంటే తెరుచుకుంటుంది, లేదంటే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, అక్కడ సరిగ్గా అదే ఏర్పాటు. సర్వర్ చల్లటి అద్దాల గదిలో ఉంటుంది. పూజారి ఆ గది బయట కుర్చీలో ఉంటాడు.

ఆయనకి పని రాదని ఎవరూ అనలేరు. వచ్చు. వయసులో ఉన్నప్పుడు రాత్రీ పగలూ కూర్చుని నేర్చుకున్నాడు. కాకపోతే వచ్చిన పని కన్నా, ఇతరులకి రాదన్న సంగతే ఆయనకి ఎక్కువ సంతోషమిచ్చేది. కంప్లైంట్లన్నీ ఒక పోర్టల్లోకి వస్తాయి. వాటిలో కాస్త అమాయకంగా రాసినవి ఏరి, టీ వేళకి నలుగురినీ కూర్చోబెట్టి చదివి వినిపించడం ఆయన నిత్యకృత్యం. 'సార్, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు, దయచేసి కాస్త చూడండి' అని రాసిన పాపానికి ఒక ఎమ్‌టెక్ కుర్రాడు సెమిస్టరంతా ఆ సెంటర్లో 'దయచేసి'గా చలామణీ అయ్యాడు. మిగతావాళ్ళు నవ్వేవారు. నవ్వకపోతే రేపు తమ కంప్లైంటు చదువుతాడని భయం.

జవాబు మాత్రం అందరికీ ఒకటే. పూర్తిగా తీసేసి, మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి. చాలాసార్లు కంప్లైంటు చివరిదాకా చదవకముందే ఆ జవాబు వెళ్ళిపోయేది. కొందరికి దానితోనే బాగయ్యేది కూడా. అదే ఆయన కొంప ముంచింది. అప్పుడప్పుడూ తగిలే రాయిని చూసుకుని ప్రతి చెట్టు కిందా నిలబడి విసిరే రకం ఆయన.

ఒక శనివారం సెంటర్లో కరెంటు పనులు చేశారు. అంతకుముందు ఎన్నాళ్ళనుంచో ఆపకుండా నడుస్తున్న లైసెన్స్ సర్వర్ని ఆ రోజు ఆపి, పని అయ్యాక మళ్ళీ ఆన్ చెయ్యాల్సొచ్చింది. దొర దగ్గరుండి చేశాడు. పచ్చ లైట్లు వెలిగాయి. తన బల్ల దగ్గరికొచ్చి, తన కంప్యూటర్లో స్ట్రెస్ ఎనాలిసిస్ సాఫ్ట్‌వేరు తెరిచాడు. టక్కున తెరుచుకుంది. సంతృప్తిగా మూసేసి ఇంటికెళ్లాడు.

సోమవారం పొద్దున్నుంచే మెకానికల్ ల్యాబు నుంచి కంప్లైంట్లు మొదలయ్యాయి. అన్నిటిదీ ఒకే గోల. ఇన్‌స్టాల్ సజావుగా అయింది, చివర్లో విజయవంతం అన్న మాట కూడా వచ్చింది, తీరా తెరిస్తే చాలాసేపు తిరిగి తిరిగి లైసెన్స్ ఎర్రర్ ఇస్తోంది. దొర అందరికీ మామూలు జవాబే పంపాడు. మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చాయి. తీసేసి మళ్ళీ వేశాం సార్, అదే ఎర్రరు. అప్పుడాయన తన కంప్యూటర్లో ఇంకోసారి తెరిచి చూశాడు. తెరుచుకుంది. సర్వర్ లాగ్ తీసి చూశాడు. లోపల సీట్లిచ్చే ప్రోగ్రాము రాసుకున్నదాంట్లో మెకానికల్ ల్యాబు కంప్యూటర్ల పేర్లే లేవు.

"చూశారా?" అన్నాడు పక్క సీటాయనతో. "వీళ్ళు తలుపు కూడా తట్టలేదు. సర్వర్ పేరు తప్పు కొట్టుంటారు. పైగా మన మీద పడి ఏడుపు. ఆడలేక మద్దెల ఓడు అన్నారట."

ఆ సాయంత్రం ఆయన కూతురు ఇంటికి ముఖం వేలాడేసుకొచ్చింది. ఆమె అదే యూనివర్సిటీలో మెకానికల్ ఆఖరి సంవత్సరం. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక లిఫ్ట్ బ్రాకెట్ మీద ప్రాజెక్టు చేస్తోంది. బరువు పడ్డప్పుడు ఆ ఇనుప ముక్క ఎక్కడ చిట్లుతుందో ఆ సాఫ్ట్‌వేరులో లెక్క కట్టి చూపాలి. శుక్రవారం రివ్యూ. ఆ రివ్యూలో బాగా చేసిన ఒక్క జట్టునే డిపార్ట్‌మెంటు పరిశోధనా సంస్థకి సిఫారసు చేస్తుంది. ఆ సిఫారసు మీద ఆమె ఏడాదిగా ఆశ పెట్టుకుని ఉంది. ఇంట్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

"నాన్నా, మా ల్యాబులో లైసెన్స్ రావట్లేదు" అంది, చెప్పులు విప్పుతూనే.

"కంప్లైంట్ పెట్టు."

"పెట్టాం. మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యమన్నారు. చేశాం. అదే వస్తోంది."

"అయితే సరిగ్గా చెయ్యలేదన్నమాట."

"ఒక్కసారి విను నాన్నా. సర్వర్ దొరకలేదని అనట్లేదది. సర్వర్ దొరికింది కానీ లోపలి వెండర్ డెమన్‌కి, అదే ఆ సీట్లిచ్చే ప్రోగ్రాముకి, కనెక్ట్ కాలేకపోయానంటోంది. మేం పేరు తప్పు కొడితే అసలు సర్వరే దొరక్కూడదు కదా?"

నిజానికి ఆ ఒక్క ప్రశ్నలోనే మొత్తం విషయముంది. వయసులో ఉన్నప్పటి ఆయనైతే కుర్చీలోంచి దిగ్గున లేచేవాడు. కానీ ఈయన పేపరు కూడా దించలేదు.

"నువ్వు నాకు చెప్తున్నావా? ఇందాకే నా దగ్గర తెరిచి చూశాను. పనిచేస్తోంది. నా దగ్గర పనిచేస్తూ మీ దగ్గర పనిచెయ్యట్లేదంటే లోపం ఎక్కడుందో చిన్నపిల్లాణ్ణడిగినా చెప్తాడు."

"ఒక్కసారి మా ల్యాబుకొచ్చి చూడొచ్చుగా?"

"నా కూతురని ప్రత్యేకంగా వస్తే రేపు నలుగురూ ఏమంటారు? నా దగ్గర అందరూ ఒకటే."

అది మాత్రం నిజం. ఆయన దృష్టిలో అందరూ సమానంగా దద్దమ్మలే.

వంటింట్లోంచి ఆయన భార్య తొంగి చూసింది. "వెళ్ళొస్తే ఏం పోయిందండీ? దానికోసం కాకపోతే ఆ మిగతా పిల్లలకోసమైనా..."

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు. ఆ ఇంట్లో ఏ సంభాషణకైనా ముగింపు వాక్యం అదే కాబట్టి ఆవిడ ఊరుకుంది.

ఇక్కడ అసలు జరిగినదేమిటో చెప్పేస్తాను. లైసెన్స్ సర్వర్‌లో ఇద్దరు గుమాస్తాలున్నారనుకోండి. బయట కూర్చునేవాడి కిటికీ నంబరు ఎప్పుడూ ఒకటే, అందరికీ తెలుసు. అడిగిన వాళ్ళని వాడు లోపలి గుమాస్తా దగ్గరికి పంపుతాడు, సీటిచ్చేది ఆ లోపలివాడు. ఆ లోపలివాడి కిటికీ నంబరు, అంటే పోర్టు, లైసెన్స్ ఫైల్లో మనమే రాసి స్థిరం చెయ్యకపోతే, సర్వర్ ఆపి ఆన్ చేసినప్పుడల్లా ఏది ఖాళీగా ఉంటే అది పట్టుకుని కూర్చుంటాడు. దొర ఆ నంబరు ఎన్నడూ రాయలేదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు లాగ్‌లో కనబడ్డ నంబరు చూసి, దానికి ఫైర్‌వాల్లో, అంటే నెట్‌వర్కు చుట్టూ ఉండే కాపలా గోడలో, దారి తెరిపించి ఊరుకున్నాడు. శనివారం ఆన్ చేశాక నంబరు మారింది. ల్యాబుల నుంచి వచ్చేవాళ్ళంతా బయటి కిటికీదాకా వచ్చి, లోపలికి పోబోతుంటే ఫైర్‌వాల్ గోడకి గుద్దుకుని ఆగిపోతున్నారు. లోపలివాడికి వాళ్ళు వచ్చినట్టే తెలియదు, ఇక లాగ్‌లో ఏం రాస్తాడు?

మరి దొర కంప్యూటర్లో ఎందుకు తెరుచుకుంటోంది? ఆయన బల్ల ఆ గోడకి ఇవతల, సర్వర్ ఉన్న నెట్‌వర్కులోనే ఉంది కాబట్టి. వంటగదిలో కూర్చుని ఊళ్ళో అందరి కడుపూ నిండిందనుకున్నట్టుంది ఆయన పరీక్ష. ఈ మాత్రం ఆయనకి తెలియదా? తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం కూడా చెప్పాడు. తెలిసినది వాడాలంటే ముందు తన వైపు తప్పుండొచ్చని అనుకోవాలి. ఆ ఒక్కటీ ఆయన వల్ల కాదు.

మంగళవారం ఫైర్‌వాల్ చూసుకునే ఆవిడ మెయిల్ పెట్టింది. ఆవిడది పై అంతస్తు. దొర ఆవిడకి పెట్టిన పేరు గోడ మేడమ్. 'ల్యాబుల నుంచి మీ లైసెన్స్ సర్వర్‌లో ఏదో కొత్త పోర్టుకి రిక్వెస్టులు వస్తున్నాయండీ, మా దగ్గర ఆగిపోతున్నాయి. తెరవమంటారా?' అని రెండు ముక్కల్లో రాసింది. దొర 'లైసెన్స్ సర్వర్, కొత్త పోర్టు' అన్న సబ్జెక్టు చూశాడు, పంపినవారి పేరు చూశాడు. గోడకి చెవులుంటాయిగానీ బుర్రెక్కడిది అని తనలో తనే జోకేసుకుని, ఆ మెయిల్ విప్పకుండా పక్కన పెట్టాడు.

బుధవారందాకా ఆ నలుగురు పిల్లలూ ఇన్‌స్టాల్ చెయ్యడం, తీసెయ్యడం, చెయ్యడం. కూతురు ఇంటికొచ్చేది, తినేది, పడుకునేది. మళ్ళీ నాన్నని అడగలేదు. గురువారం పొద్దున మెకానికల్ ప్రొఫెసరే ఫోన్ చేశాడు. పెద్దాయన, మెత్తని మనిషి.

"మా పిల్లలు నాలుగు రోజుల్నుంచి కొట్టుకుంటున్నారండీ. కాస్త మీరే వచ్చి చూస్తారా?"

దొర మనసు ఉప్పొంగింది. "తప్పకుండా సార్. వచ్చి చూపిస్తాను" అన్నాడు. చూస్తానన్లేదు, చూపిస్తానన్నాడు. వెళ్తూ పక్క సీటాయనకి కన్నుగీటాడు కూడా. రేపు టీ వేళకి సరిపడా సరుకు తెస్తానని దానర్థం.

మెకానికల్ ల్యాబు పొడుగాటి గది. గోడవారన పాత కంప్యూటర్లు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలు, తిరుగుతూ కిర్రుమనే ఫ్యాను. ప్రొఫెసరు, పిల్లలంతా ఆయన చుట్టూ చేరారు. కూతురు వెనక నిలబడింది. దొర కుర్చీ లాక్కుని, ఆపరేషన్ థియేటర్లో డాక్టరు చేతులు కడుక్కున్నంత తాపీగా చొక్కా చేతులు మడిచాడు.

"సర్వర్ పేరు కొట్టేటప్పుడు చూసుకోవాలి. ఒక్క చుక్క తేడా వచ్చినా అంతే సంగతులు. ఇన్‌స్టలేషనంటే నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోవడం కాదు" అంటూ స్వయంగా తీసేశాడు, స్వయంగా ఇన్‌స్టాల్ చేశాడు, సర్వర్ పేరూ పోర్టూ ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. చివర్లో విజయవంతం అని వచ్చింది. "ఇప్పుడు చూడండి" అని ఐకాన్ మీద నొక్కాడు.

తిరిగింది. తిరుగుతూనే ఉంది. పిల్లలకి ఆ తిరుగుడు కంఠతా వచ్చు గనక, ఎప్పుడాగుతుందో వాళ్ళకి తెలుసు. సరిగ్గా అక్కడే ఆగి, సరిగ్గా ఆ ఎర్రరే ఇచ్చింది. సర్వర్ దొరికింది, వెండర్ డెమన్‌కి కనెక్ట్ కాలేదు.

దొర ఆ వాక్యాన్ని ఆ వారంలో మొదటిసారి చివరిదాకా చదివాడు. చదువుతుండగానే ఆయనకి మొత్తం అర్థమైపోయింది. శనివారం, సర్వర్ ఆపడం, మారిన పోర్టు, గోడ మేడమ్ మెయిలు, గోడకి ఇవతలున్న తన బల్ల. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. తల తిప్పకుండానే కూతురు తనని చూస్తోందని తెలుస్తోంది. పుట్టినప్పట్నుంచీ ఆ ముఖం చూస్తున్న పిల్ల. ఆయనకి అర్థమైన సంగతి ఆమెకి అర్థమైపోయింది.

"ఏమిటంటారు?" అన్నాడు ప్రొఫెసరు.

"చూడాలి సార్."

"చూద్దురుగాని. నాకొక్క మాట కావాలండీ. లోపం మీ సర్వర్ వైపుదైతే ఈ పిల్లల రివ్యూ వచ్చే వారానికి మారుస్తాను, ఆ మేరకి నాకు అధికారముంది. పిల్లల వైపుదైతే మాత్రం రేపు ఉన్నదాంతోనే రావాలి, నేనేం చెయ్యలేను. ఆ లెక్క నడవడానికే ఒక పగలూ రాత్రీ చాలదని మీకూ తెలుసు. ఎవరి వైపంటారు?"

ఇంతకన్నా తేలికైన ప్రశ్న ఏ మనిషికీ ఎదురుకాదు. 'మా వైపే సార్, పోర్టు మారింది' అంటే అయిపోయేది. ఎవరూ ఉరి తియ్యరు. ఆ ప్రొఫెసరు అలాంటివాడు కూడా కాదు, ఫరవాలేదండీ అని టీ తెప్పించేవాడు. కానీ దొర కళ్ళముందు మెదిలింది కూతురి ఏడాది చాకిరీ కాదు, టీ బల్ల. అక్కడ రేపు ఎవరో ఒకరు తన కథ చదువుతారు, మిగతావాళ్ళు పడీపడీ నవ్వుతారు. తను పెట్టిన గంజి తనే తాగాల్సొస్తుంది.

"ఇలాంటివాటికి సవాలక్ష కారణాలుంటాయి సార్" అన్నాడు. "ఈ మెషీన్లలో పాత ఇన్‌స్టలేషన్ల ముక్కలు మిగిలిపోతాయి. ఇన్నిసార్లు వేసి తీస్తే ఇంకా ఎక్కువ..."

"అంటే పిల్లల వైపేనంటారా?"

"నూటికి తొంభైపాళ్ళు అంతేనండి."

ఇన్నిసార్లు వేసి తీయించింది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. ఒక కుర్రాడు ఏదో అనబోయాడు. దొర కూతురు ఆ కుర్రాడి మోచెయ్యి పట్టుకుని ఆపింది. దొర అది చూశాడు, హమ్మయ్య అనుకున్నాడు. కూతురు తన పరువు కాపాడిందనుకున్నాడు. అంత చదువూ చదివి మనిషికి ఆ మాత్రమే అర్థమైంది.

సెంటర్‌కొచ్చి తలుపేసుకుని గోడ మేడమ్‌కి ఫోన్ చేశాడు. "ఆ కొత్త పోర్టు సంగతి..."

"మొన్ననే రాశాను కదండీ, మీరు పలకలేదు."

"పని ఒత్తిడి మేడమ్."

లైసెన్స్ ఫైలు విప్పి, ఇన్నేళ్ళూ రాయని ఆ పోర్టు నంబరు వెండర్ లైను పక్కన రాశాడు. సర్వర్ని ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. ఆవిడ ఆ నంబరుకి దారి తెరిచింది. టీ చల్లారేలోపు అన్ని ల్యాబుల్లోనూ సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. నాలుగు రోజులు నలుగురి ప్రాణం తీసిన పని అంతే. పోర్టల్లో కంప్లైంట్లన్నిటి కిందా ఒకే ముక్క రాసి మూసేశాడు. యూజర్ వైపు సెట్టింగులు సరిచేయబడినవి. పిల్లి కళ్ళు మూసుకునే పాలు తాగుతుంది. ఆయన మూసుకోకుండానే తాగాడు.

పిల్లలు గురువారం మధ్యాహ్నం నుంచి లెక్క నడిపారు. శుక్రవారం పొద్దుటికి సగం కూడా తేలలేదు. ఆ తేలినంతతోనే వెళ్ళారు. ఎనాలిసిస్ పూర్తికాకుండా ఈ ముక్క ఇక్కడే చిట్లుతుందని ఎలా అంటారు అని అడిగారు రివ్యూ పెద్దలు. న్యాయమైన ప్రశ్నే. సిఫారసు ఇంకో జట్టుకి వెళ్ళింది. ఆ జట్టు అదే సాఫ్ట్‌వేరులో అంతకుముందు వారమే పని ముగించుకుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తల్లి అడిగింది. "ఇంతకీ దాని రోగమేమిటే? ఎవరి తప్పట?"

దొర కంచంలోకి చూస్తున్నాడు. ఇప్పుడు అరుస్తుంది, ఏడుస్తుంది, కడిగేస్తుంది అనుకున్నాడు. దానికి సమాధానాలు కూడా సిద్ధం చేసుకున్నాడు. మీకు ఓపిక లేదు, ముందే మొదలుపెట్టాల్సింది, జీవితంలో ఇంకా చాలా అవకాశాలొస్తాయి, వగైరా.

"మాదేనట" అంది కూతురు. మామూలుగానే అంది. మంచినీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయింది. సిద్ధం చేసుకున్న సమాధానాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి.

తర్వాత చాన్నాళ్ళు ఆ ఇంట్లో ఏ గొడవా లేదు. కూతురు పలకరిస్తే పలికేది. మార్కెట్‌కెళ్తే ఏమైనా తేవాలా నాన్నా అని అడిగేది. మాత్రలు వేసుకున్నావా అని గుర్తుచేసేది. దొరకి ధైర్యమొచ్చింది. చిన్నపిల్లలు, ఇట్టే మర్చిపోతారు అని భార్యతో అన్నాడు.

ఒక ఆదివారం ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. కూతురు ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పంపే పనిలో ఉంది. దొర సోఫాలో పేపరు చదువుతున్నాడు. గదిలోంచి ఆమె వస్తున్న చప్పుడు విని పేపరు మడిచాడు, కళ్ళజోడు సర్దుకున్నాడు. నోటిదాకా వచ్చింది, ఏమిటమ్మా ప్రాబ్లమని అడుగుదామని. ఈసారి నిజంగానే లేచి చూద్దామనుకున్నాడు.

కూతురు ఆయన ముందునుంచే వెళ్ళి, రూటర్ దగ్గర నేల మీద కూర్చుని, కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. చాలాసేపు పాట వచ్చింది. విసుక్కోకుండా విన్నది. చివరికి ఎవరో కుర్రాడు పలికాడు.

"మేడమ్, కొన్ని సెట్టింగులు మార్చాలి. కాస్త టెక్నికల్‌గా ఉంటుంది. మీ ఇంట్లో నెట్‌వర్కు గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

దొర సోఫా అంచుకి జరిగి, చెయ్యి చాచాడు, ఫోన్ ఇమ్మని.

"ఎవరూ లేరండీ" అంది కూతురు. "నాకే చెప్పండి, నిదానంగా చేస్తాను."